వేరే చోట కుదిరిందండీ

పెళ్లి సంబంధాలు చూసే ఇళ్లలో అందరికీ తెలిసిన మాట ఒకటుంది: "మావాడికి వేరే చోట కుదిరిందండీ." మధ్యవర్తికి ఫోన్ చేసి ఈ ఒక్క మాట చెబితే చాలు, అవతలివాళ్లకు విషయం అందుతుంది. ఇంకేమీ అడగరు. మర్నాటి నుంచి ఇంకో సంబంధం చూసుకుంటారు. చెప్పకుండా నాన్చినప్పుడే మాట పడాల్సి వస్తుంది. ఈ మర్యాద తెలిసిన ఇళ్ల పిల్లలే ఉద్యోగాల దగ్గరికి వచ్చేసరికి తడబడుతున్నారు. ఒక కంపెనీలో రెండు రౌండ్లు పూర్తయి, మూడోదానికి తేదీ ఖాయమయ్యాక వేరే కంపెనీ ఆఫర్ ఒప్పుకుంటారు. ఆ తర్వాత మొదటి కంపెనీ ఫోన్లు ఎత్తరు. లేదంటే జ్వరమనో, ఊరెళ్లాననో చెప్పి ఇంటర్వ్యూను వాయిదా వేయిస్తూ పోతారు. వీళ్లలో ఎక్కువమంది మర్యాద లేనివాళ్లు కాదు. ఎవరికి చెప్పాలో, ఎంత చెప్పాలో తెలియక, చెబితే ఏమంటారోనన్న జంకుతో ఆగిపోయినవాళ్లు.

రాయాల్సింది నాలుగంటే నాలుగు వాక్యాలు. అవి అలాగే ఎందుకుండాలో తెలియాలంటే ముందు బల్లకు అవతలి వైపు ఏం జరుగుతోందో చూడాలి.

హైదరాబాద్‌లో ఒక మధ్యస్థాయి సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఒక టెస్టింగ్ ఉద్యోగం ఖాళీ అయిందనుకోండి. ఆ ఖాళీకి కంపెనీ లోపల ఒక నంబరు పడుతుంది. దాన్ని నింపే బాధ్యత ఒక రిక్రూటర్‌ది. వచ్చిన ప్రొఫైళ్లలో వడపోత పోయి చివరికి ముగ్గురో నలుగురో మిగులుతారు. వాళ్లకు సాంకేతిక పరీక్ష చేసే ప్యానెల్‌లో ఉండేది ఆ కంపెనీలో రోజూ పనిచేసే ఇంజినీర్లే. తమ పని మధ్యలో ఒక గంట తీసి కూర్చుంటారు, తర్వాత ఎవరు ఎలా చేశారో ఫారంలో రాసిస్తారు. ఆఖరి రౌండు దాటినవారి జీతం లెక్క మేనేజర్ దగ్గరికి, ఆ పైవాళ్ల దగ్గరికి ఆమోదం కోసం వెళుతుంది. దీనికి ఒక్కోసారి వారం, పది రోజులు పడుతుంది. ఈ పది రోజులూ రెండో స్థానంలో ఉన్న మనిషిని వద్దనరు, రమ్మనరు. అతను ఫోన్ చేస్తే "ఫీడ్‌బ్యాక్ రావాలండీ" అంటారు. అంటే ప్రొఫైల్ హోల్డ్‌లో ఉందని అర్థం. మొదటి స్థానంలో ఉన్నవాళ్లు చేరరని తేలిన రోజునే అతనికి ఫోన్ వెళుతుంది.

అందువల్ల మీరు తప్పుకుంటున్న కబురు కంపెనీకి మాత్రమే కాదు, మీకు ఎప్పటికీ పేరు తెలియని ఆ రెండో మనిషికి కూడా చేరుతున్నట్టే. మీరు వారం ఆలస్యం చేస్తే అతనికీ వారం పోతుంది. ఈలోగా అతను ఇంతకన్నా తక్కువ జీతానికి ఇంకెక్కడో ఒప్పుకుని ఉండవచ్చు. ఈ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైనది అది వెళ్లే రోజు అని నేను నమ్మడానికి కారణం ఇదే. రెండోది స్పష్టత. వినయం ఎంత చక్కగా పలికించారన్నది ఆ రెండిటి తర్వాతే.

ఒక ఉదాహరణ పట్టుకుని నడుద్దాం. మాదాపూర్‌లో ఆటోమేషన్ టెస్టింగ్ చేస్తూ ఐదేళ్ల అనుభవం ఉన్న ఒకమ్మాయిని ఊహించుకోండి. ఒకేసారి మూడు చోట్ల ప్రయత్నిస్తోంది. మొదటి కంపెనీలో అన్ని రౌండ్లూ అయిపోయాయి. సోమవారం ఆఫర్ లెటర్ మెయిల్‌లో వచ్చింది, బుధవారంలోగా జవాబివ్వాలి. రెండో కంపెనీ సంగతి ఒక కన్సల్టెన్సీ చూస్తోంది. అక్కడ మొదటి టెక్నికల్ రౌండ్ అయింది, రెండోది గురువారం ఉదయం 11 గంటలకు. మూడో కంపెనీకి ఆమె ప్రొఫైల్‌ను కాలేజీలో సీనియర్ అయిన ఒక అక్క రిఫర్ చేసింది. అక్కడ హెచ్ఆర్ రౌండు కూడా అయిపోయింది, జీతం మాట్లాడుకున్నారు, ఆమోదం కోసం పైకి వెళ్లింది. జీతం 15 లక్షల దగ్గర మాట్లాడారనుకుందాం.

ఇక్కడ చాలామంది దాటవేసే మెట్టు ఒకటుంది. సోమవారం సాయంత్రం ఆమె తనను తాను అడగాల్సిన ప్రశ్న: మూడో కంపెనీ కూడా ఆఫర్ ఇస్తే నేను ఎక్కడికి వెళతాను? జవాబు మూడో కంపెనీ అయితే బేరమైనా, గడువైనా మాట్లాడే సమయం అదే. మొదటి కంపెనీ హెచ్ఆర్‌కు రాసి శుక్రవారం దాకా గడువు అడగవచ్చు. చాలా కంపెనీలు రెండు మూడు రోజులు ఇస్తాయి. మూడో కంపెనీ హెచ్ఆర్‌కు ఫోన్ చేసి, "నా చేతిలో ఒక ఆఫర్ ఉందండీ, శుక్రవారంలోగా జవాబు చెప్పాలి. మీ దగ్గర చేరాలనే నాకు ఎక్కువగా ఉంది. ఆలోపు మీ నిర్ణయం తెలిసే వీలుంటుందా?" అని అడగవచ్చు. ఇందులో దాపరికం లేదు, బెదిరింపూ లేదు. రిక్రూటర్లకు ఇది రోజూ వినే మాట. ఆ తేదీ చూపించే వాళ్లు లోపల ఆమోదం త్వరగా తెప్పించుకుంటారు కూడా. ఈ ప్రశ్న వేసుకోకుండా మొదటి ఆఫర్ ఒప్పేసుకుని, మూడోది కూడా వస్తే చూద్దాంలే అని ఊరుకున్నవాళ్లకే తర్వాత తప్పుకునే ఉత్తరం రాయడానికి చేతులు రావు. మనసులో తేలని విషయాన్ని కాగితం మీద తేల్చడం కష్టం.

మన ఉదాహరణలో ఆమె ఆలోచించుకుని మొదటి కంపెనీకే మొగ్గింది. అయినా సోమవారమే మిగతా ఇద్దరికీ చెప్పకూడదు. ఫోన్లో "మిమ్మల్ని సెలెక్ట్ చేశాం" అన్న మాట ఆఫర్ కాదు. మెయిల్‌లో వచ్చిన లెటర్ చదవాలి. చెప్పిన మొత్తంలో నెలనెలా చేతికొచ్చేది ఎంత, ఏడాది చివర పనితీరు మీద ఆధారపడినది ఎంత, చేరాల్సిన తేదీ, ఊరు రాశారా, జాయినింగ్ బోనస్ ఇస్తే ఏడాదిలోపు మానేసినప్పుడు తిరిగి కట్టాలని ఉందా అన్నవి చూడాలి. మాట్లాడుకున్నదానికి, లెటర్‌లో ఉన్నదానికి తేడా ఉంటే అది సరిచేసి పంపేదాకా ఆగాలి. అన్నీ సరిపోయాయి, మంగళవారం రాత్రి ఆమె అంగీకారం పంపింది, అందినట్టు అవతలి నుంచి జవాబు వచ్చింది. ఇప్పుడు తప్పుకోవచ్చు. ఎంతలోగా? మర్నాటి పనివేళల్లోనే. బుధవారం పొద్దున పదకొండులోపు మూడు కబుర్లూ వెళ్లిపోవాలని నా అభిప్రాయం. గురువారం ఇంటర్వ్యూకు అప్పుడింకా ఒక రోజు ఉంటుంది, ఆ గంటను ప్యానెల్ ఇంకొకరికి ఇవ్వగలుగుతుంది.

మూడింటిలో ఏది ముందు? ఎక్కడ పని ఎక్కువ దూరం వెళ్లిందో అక్కడ ముందు. మూడో కంపెనీలో జీతం ఆమోదం దాకా వెళ్లింది కాబట్టి దానితో మొదలుపెట్టాలి. కానీ హెచ్ఆర్ కన్నా ముందు ఆ అక్కకు తెలియాలి. రిఫర్ చేసిన మనిషి తన పేరు పెట్టి మాట సాయం చేసింది. చాలా కంపెనీల్లో రిఫర్ చేసినవాళ్లు చేరితే ఉద్యోగికి కొంత బోనస్ కూడా ఇస్తారు. ఈ సంగతి ఆమెకు తన హెచ్ఆర్ నోటివెంట తెలియడం బాగుండదు. వాట్సాప్‌లో ఇంత చాలు:

"అక్కా, నాకు వేరే చోట ఆఫర్ వచ్చింది, రాత్రి యాక్సెప్ట్ చేశాను. ఇంకో గంటలో మీ హెచ్ఆర్‌కి ఫోన్ చేసి చెబుతున్నా. ముందు నీకు చెప్పాలని రాస్తున్నాను. నా కోసం అక్కడ మాట చెప్పినందుకు చాలా థాంక్స్ అక్కా."

తర్వాత హెచ్ఆర్. తొలి రౌండ్లలోనే ఉంటే మెయిల్ సరిపోతుంది. జీతం మాట్లాడుకున్నాక అయితే ముందు రెండు నిమిషాల ఫోన్, ఆ వెంటనే మెయిల్ పద్ధతి. ఫోన్ మర్యాద కోసం. మెయిల్ రికార్డు కోసం, ఎందుకంటే రిక్రూటర్ దాన్ని చూపించే లోపల ఆ ఖాళీని మళ్లీ తెరుస్తారు. ఫోన్ ఎత్తకపోతే రోజంతా ప్రయత్నిస్తూ కూర్చోవద్దు. ఒకసారి చేసి, ఎత్తకపోతే మెయిల్ పంపేయండి. కంపెనీలకు ఈ ఉత్తరం మామూలుగా ఇంగ్లిషులోనే వెళుతుంది. ఏ భాషలో రాసినా ఉండాల్సిన మాటలు ఇవి:

"నమస్కారం. ఆటోమేషన్ టెస్టింగ్ ఉద్యోగానికి నాతో మాట్లాడినందుకు, ప్యానెల్ సభ్యులు నా కోసం వెచ్చించిన సమయానికి కృతజ్ఞతలు. నేను మరో సంస్థలో ఆఫర్ అంగీకరించాను. అందువల్ల ఈ ఉద్యోగానికి నా దరఖాస్తును ఉపసంహరించుకుంటున్నాను, దయచేసి నా విషయంలో జరుగుతున్న ప్రక్రియను ఇక్కడితో ఆపండి. మీకు, మీ టీమ్‌కు నా శుభాకాంక్షలు."

నమస్కారం పక్కన పెడితే నాలుగు వాక్యాలు. మొదటిది ఏ ఉద్యోగం గురించో చెబుతుంది. ఒక్కో రిక్రూటర్ చేతిలో పదీ పదిహేను ఖాళీలు ఉంటాయి కాబట్టి ఉద్యోగం పేరు తప్పనిసరి, నంబరు తెలిస్తే ఇంకా మంచిది. రెండోది కారణం. మూడోది అసలు పని. ఈ ఉత్తరం నుంచి ఒకే ఒక్క వాక్యం మిగల్చమంటే నేను మూడోదాన్ని మిగులుస్తాను. రెండో వాక్యంతో ఆగిపోయిన ఉత్తరాలు చాలా ఉంటాయి. "నాకు వేరే ఆఫర్ వచ్చింది" అని మాత్రమే రాస్తే అవతలివాళ్లకు అది బేరంలా వినిపిస్తుంది. ఇంకాస్త ఇస్తే వస్తారేమోనని ఫోన్ చేస్తారు. వాళ్ల తప్పు కాదది. అలాగే "ప్రస్తుతానికి కుదరడం లేదు", "కొంచెం సమయం కావాలి" అని రాస్తే ప్రొఫైల్‌ను హోల్డ్‌లో పెట్టి రెండు వారాల తర్వాత మళ్లీ పిలుస్తారు. అప్పుడు ఇదే ఉత్తరం మళ్లీ, ఈసారి ఇంకా ఇబ్బందిగా, రాయాలి.

కారణం ఒక్క వాక్యంలో ముగించడం గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎక్కువమంది ఉత్తరం పాడుచేసుకునేది ఇక్కడే. ఏ కంపెనీయో, ఎంత జీతమో, ఎందుకు అది నచ్చిందో రాస్తారు. రాసిన ప్రతి వివరం ఒక ప్రశ్నకు దారి తీస్తుంది. జీతం రాస్తే, "మేమూ అంతే ఇస్తాం" అంటారు. ఇంటికి దగ్గరని రాస్తే, "వారానికి రెండు రోజులు వస్తే చాలు" అంటారు. మీ ప్యానెల్ ప్రశ్నలు పాతకాలంగా ఉన్నాయని రాస్తే అది ప్యానెల్‌కే చేరుతుంది. అసలు ఒప్పుకున్న ఆఫర్ గురించి మాట్లాడే అవసరమే లేకుండా చేయడం ఈ ఉత్తరం పని. క్షమాపణలూ అంతే. "ఇబ్బంది కలిగించినందుకు మన్నించండి" అని ఒక మాట ఉంటే తప్పులేదు. ఒక పేరా నిండా ఉంటే మాత్రం చదివేవాళ్లు మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. మీరు తప్పు చేయలేదు. ఇంటర్వ్యూకు వెళ్లడం చేరతానని మాటివ్వడం కాదు. కంపెనీ నలుగురిని చూసి ఒకరిని తీసుకున్నట్టే మీరు మూడు చూసి ఒకటి తీసుకున్నారు.

అబద్ధపు కారణాలు మరీ ప్రమాదం. "ఇప్పుడు ఉద్యోగం మారే ఆలోచన లేదు", "ఇంట్లో పరిస్థితులు బాగోలేవు" అని రాసినవాళ్లు మూడు నెలల తర్వాత లింక్డ్ఇన్‌లో కొత్త కంపెనీ బ్యాడ్జితో ఫొటో పెడతారు. ఇంటర్వ్యూల సమయంలో రిక్రూటర్ అదే లింక్డ్ఇన్‌లో కనెక్ట్ అయి ఉంటారు కాబట్టి ఆ ఫొటో ముందుగా కనిపించేవాళ్లలో వాళ్లూ ఉంటారు. నిజం ఇంత సులువుగా, ఇంత గౌరవంగా చెప్పగలిగినప్పుడు ఇంట్లోవాళ్ల ఆరోగ్యాన్ని అడ్డం పెట్టుకోవడం నాకు బాధగా అనిపిస్తుంది.

ఇక రెండో కంపెనీ, అంటే కన్సల్టెన్సీ దారిలో వచ్చింది. ఇక్కడ లెక్క వేరు. మన దేశంలో కన్సల్టెన్సీలకు కంపెనీ ఇచ్చే కమీషన్ సాధారణంగా మొదటి ఏడాది జీతంలో 8.33 శాతం దగ్గర మొదలవుతుంది. అంటే ఏడాదిలో పన్నెండో వంతు, ఒక నెల జీతం. 15 లక్షల ఉద్యోగానికి అది లక్షా పాతిక వేలు. ఆ డబ్బు వాళ్లకు వచ్చేది మీరు చేరాకే. ఇంటర్వ్యూలు ఏర్పాటు చేసినందుకు ఏమీ రాదు. అందుకే మీరు తప్పుకుంటానన్నప్పుడు కన్సల్టెంట్ గట్టిగా పట్టుబట్టడం సహజం. "రేపటి రౌండ్ ఒక్కటి అటెండ్ అవ్వండి, తర్వాత చూద్దాం" అంటారు. క్లయింట్ దగ్గర తన పరువు నిలుపుకోవాలన్న తాపత్రయం కూడా అందులో ఉంటుంది. దానికి ఒప్పుకోవద్దు. చేరనని తెలిసీ ఇంటర్వ్యూకు కూర్చుంటే ఇద్దరు ఇంజినీర్ల గంట పోతుంది, ఒకవేళ ఎంపికైతే తప్పుకోవడం ఇప్పటికన్నా కష్టమవుతుంది.

కన్సల్టెంట్‌కు చెబితే కంపెనీకి చెప్పినట్టేనా? మామూలుగా అంతే. మిమ్మల్ని పంపింది వాళ్లు కాబట్టి ముందు వాళ్లకే చెప్పడం పద్ధతి. అయితే ఇంటర్వ్యూ ఆహ్వానం కంపెనీ నుంచే నేరుగా మీ మెయిల్‌కు వచ్చి ఉంటే, కన్సల్టెంట్‌కు చెప్పాక ఆ ఆహ్వానాన్ని కూడా తిరస్కరించండి. తిరస్కరించేటప్పుడు ఒక వాక్యం రాసే వీలుంటుంది, "మరో ఆఫర్ అంగీకరించినందున తప్పుకుంటున్నాను" అని అక్కడ రాస్తే కన్సల్టెంట్ చెప్పడం ఆలస్యమైనా ప్యానెల్‌కు విషయం తెలుస్తుంది. ఉత్తి తిరస్కరణ మాత్రం చాలదు. సమయం కుదరలేదనుకుని ఇంకో స్లాట్ పంపుతారు. మన ఉదాహరణలో ఇంటర్వ్యూ మర్నాడే కాబట్టి కన్సల్టెంట్‌కు వాట్సాప్, మెయిల్ రెండూ వెళ్లాలి:

"సర్, నమస్తే. నేను వేరే కంపెనీ ఆఫర్ యాక్సెప్ట్ చేశాను. అందుకని రేపు, గురువారం 11 గంటల సెకండ్ రౌండ్‌కి హాజరు కావడం లేదు. దయచేసి ఈరోజే క్లయింట్‌కి చెప్పి స్లాట్ క్యాన్సిల్ చేయించండి. మెయిల్ కూడా పంపాను. నా ప్రొఫైల్ ముందుకు తీసుకెళ్లినందుకు థాంక్స్."

ఇందులో రోజు, గంట రెండూ ఉన్నాయి చూడండి. కన్సల్టెంట్‌కు ఆ రోజు పదిమంది అభ్యర్థుల ఇంటర్వ్యూలు ఉండవచ్చు. ఏది ఆపాలో వెతుక్కోకుండా తెలియాలి.

కంపెనీ కెరీర్ సైట్‌లో సొంతంగా దరఖాస్తు పెట్టుకున్నవాళ్లకు ఇంకో చిన్న పని ఉంటుంది. లాగిన్ అయితే దరఖాస్తు పక్కన Withdraw అనే బటన్ సాధారణంగా ఉంటుంది. మెయిల్ పంపాక దాన్నీ నొక్కాలి. బటన్ మాత్రమే నొక్కి ఊరుకుంటే మీతో మాట్లాడిన మనిషికి ఆ రోజే కనబడుతుందన్న హామీ లేదు. మెయిల్ మాత్రమే పంపితే సాఫ్ట్‌వేర్‌లో మీ పేరు నడుస్తూనే ఉంటుంది, పరీక్ష లింకులు, గుర్తుచేసే మెయిల్స్ వస్తూనే ఉంటాయి.

పంపే ముందు చూసుకోవాల్సినవి చిన్నవే కానీ జరిగితే నష్టం పెద్దది. పాత మెయిల్ వరుసలోనే జవాబుగా రాయండి, కొత్త మెయిల్ తెరవకండి. అప్పుడు ఎవరికి ఏం సంబంధమో మళ్లీ చెప్పాల్సిన పని ఉండదు. ఒకే ఉత్తరాన్ని రెండు చోట్లకు పంపేటప్పుడు ఒక కంపెనీ పేరు ఇంకో కంపెనీకి వెళ్లిపోతుంటుంది, ఆ ఒక్క మాటా రెండుసార్లు చదవండి. ఇప్పుడు పనిచేస్తున్న ఆఫీసు మెయిల్ నుంచి మాత్రం ఎప్పుడూ పంపవద్దు. ఇంకా రాజీనామా పెట్టలేదు కదా.

పంపాక ఏం జరుగుతుంది? చాలా సందర్భాల్లో ఒక వాక్యం జవాబొస్తుంది: "తెలియజేసినందుకు ధన్యవాదాలు, ఆల్ ది బెస్ట్." కొన్నిసార్లు ఫోన్ వస్తుంది. మూడో కంపెనీ హెచ్ఆర్ ఫోన్ చేసి, "ఎక్కడ వచ్చిందండీ? ఎంత ఇస్తున్నారు?" అని అడిగారనుకోండి. "చేరాక చెబుతానండీ, ఇప్పుడు చెప్పడం బాగుండదు" అంటే సరిపోతుంది. "ఇంకో రెండు లక్షలు వేసి తీసుకుందాం" అంటే, "చాలా సంతోషమండీ, కానీ అక్కడ ఒప్పుకుని సంతకం చేశాను, మార్చుకోను" అని ఒకసారి చెప్పి ఆగిపోవాలి. "ఆలోచించి చెబుతాను" అన్న మాట నోటివెంట రాకూడదు. ఆ మాటతో ఉత్తరం రద్దయిపోయినట్టే. ఆ రెండు లక్షలు నిజంగానే మనసును కదిలిస్తున్నాయంటే మంగళవారం రాత్రి అంగీకారం తొందరపడి పంపారని అర్థం. ఒప్పుకున్న ఆఫర్‌ను వదులుకోవడం వేరే విషయం, దానికి వేరే బరువు ఉంది. అది ఇంటర్వ్యూ నుంచి తప్పుకున్నంత తేలిక కాదు.

పంపకపోతే ఏమవుతుందన్నదీ చెప్పాలి. చెప్పకుండా ఇంటర్వ్యూకు రానివాళ్లను రిక్రూటర్లు నో షో అంటారు, ఆ మాట రికార్డులో నిలుస్తుంది. చాలా కంపెనీల్లో ఇంటర్వ్యూలో ఎంపిక కానివాళ్లు ఆరు నెలల దాకా మళ్లీ దరఖాస్తు చేయకూడదన్న నియమం ఉంటుంది. కానీ నో షో అయినవాళ్ల పేరు ఎన్నాళ్ల తర్వాత కనిపించినా రిక్రూటర్ ముందు పాత గుర్తే చూస్తారు. పైగా హైదరాబాద్‌లో ఒకే రకం పని చేసేవాళ్ల లోకం చిన్నది. ఈరోజు ఈ కంపెనీలో ప్యానెల్‌లో కూర్చున్న మనిషి రెండేళ్ల తర్వాత మీ కొత్త ఆఫీసులో మీ పై లీడ్‌గా రావచ్చు.

మూడో కంపెనీకి ఆమె జీతం స్లిప్పులు, ఫారం 16, పాన్ కాపీ పంపి ఉంటుంది. అవి అక్కడ ఉండిపోవడం ఇష్టం లేకపోతే, తప్పుకునే ఉత్తరంలో కాకుండా, నాలుగు రోజులు ఆగి విడిగా "నా పత్రాలను దయచేసి తొలగించగలరు" అని రాయవచ్చు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం అలా అడిగే హక్కును గుర్తించింది. రెండూ కలిపి రాస్తే మాత్రం కోపంతో తెంచుకుంటున్నట్టు ధ్వనిస్తుంది.

ఇప్పుడు అందరి మనసులోనూ ఉండే భయం దగ్గరికి వద్దాం. మన పెద్ద ఐటీ కంపెనీల్లో నోటీసు పీరియడ్ 90 రోజుల దాకా ఉంటుంది. ఒప్పుకున్న రోజుకు, చేరే రోజుకు మధ్య మూడు నెలలు. ఈలోపు ఆ ఆఫర్ రద్దయితే? ఇది ఊహాభయం కాదు. 2022, 2023ల్లో కొన్ని పెద్ద ఐటీ కంపెనీలు ఫ్రెషర్లకు ఆఫర్ లెటర్లు ఇచ్చి, చేర్చుకోవడాన్ని నెలల తరబడి వాయిదా వేశాయి. అందుకే మిగతా ఇంటర్వ్యూలను నడుస్తూ ఉండనిద్దాం అనుకుంటారు. ఆ ఆలోచనను నేను తప్పుపట్టను, కానీ అది పనిచేయదు. వేరే కంపెనీ ఇంటర్వ్యూ ప్రక్రియ మూడు నెలలు మీ కోసం ఆగదు. రెండు మూడు వారాల్లో అది ఆఫర్ దాకా వస్తుంది, అప్పుడు దానికీ అవుననో కాదనో చెప్పాలి. అవునంటే చేతిలో రెండు ఒప్పుకున్న ఆఫర్లు, చివరి రోజున ఒకరికి తప్పించుకునే ఫోన్. కాదంటే ఇప్పుడు రాయాల్సిన ఉత్తరమే అప్పుడు రాస్తారు, మధ్యలో అందరి సమయం వృథా అయ్యాక. చేరే తేదీయే రాసివ్వని ఫ్రెషర్ల సంగతి మాత్రం వేరు. తేదీ లేని కాగితాన్ని నమ్ముకుని వాళ్లు మిగతా తలుపులు మూసుకోవాలని నేను చెప్పలేను. తేదీ చేతికొచ్చిన రోజున ఈ ఉత్తరం రాస్తే చాలు.

నిజంగానే ఆఫర్ రద్దయితే ఆమె ముందున్న దారి ఏమిటి? మూడో కంపెనీ హెచ్ఆర్‌కు, అదే మెయిల్ వరుసలో, పాత ఉత్తరం కిందనే రాయడం. "నమస్కారం. మార్చిలో మరో ఆఫర్ అంగీకరించి మీ దగ్గర దరఖాస్తు ఉపసంహరించుకున్నాను. ఆ సంస్థ ఆ ఉద్యోగాన్ని రద్దు చేసింది. ఆటోమేషన్ టెస్టింగ్‌లో మీ దగ్గర ఖాళీ ఉంటే మళ్లీ పరిశీలించగలరా? నేను వెంటనే చేరగలను." పాత ఖాళీ అప్పటికి నిండిపోయి ఉండవచ్చు. ఇంకో టీమ్‌లో ఉండవచ్చు, అసలే లేకపోవచ్చు. ఖాళీ ఉంటే మాత్రం ఆమె ప్యానెల్ ఫారాలు అక్కడే ఉన్నాయి, రెండు టెక్నికల్ రౌండ్లు దాటినట్టు రికార్డు ఉంది, కాబట్టి రిక్రూటర్ మేనేజర్‌ను అడగాల్సింది ఒక్కటే ప్రశ్న: ఈమెతో నేరుగా మళ్లీ మాట్లాడతారా, లేక ఒక చిన్న రౌండు పెట్టమంటారా అని.